జరగని పని లెక్కకెలా వస్తుంది?

2017 జనవరిలో గిట్‌ల్యాబ్ సంస్థలో పొరపాటున డేటాబేస్ చెరిగిపోయింది. బ్యాకప్ కోసం వెతికితే ఆ చోటంతా ఖాళీ. బ్యాకప్ రోజూ విఫలమవుతూనే ఉంది, ఆ సంగతి చెప్పే మెయిళ్లను సర్వర్ తిప్పికొట్టడంతో అవి ఎవరికీ చేరలేదు.

అందుకే నెలవారీ నివేదికను లాగ్ నుంచి కాక షెడ్యూల్ నుంచి మొదలుపెట్టాలి. జరగని తనిఖీకి లాగ్‌లో వరుసే ఉండదు మరి! ఉదాహరణకు, ప్రతి ఆదివారం ఒక బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో తెరిచి చూడాలి, గడువు సోమవారం ఉదయం 10 గంటలు అనుకుందాం. ఐదు ఆదివారాల నెలలో నాలుగే నమోదయ్యాయి. మూడు గడువులోపు, ఒకటి బుధవారం. లాగ్‌నే నమ్మితే నాలుగింట మూడు సకాలంలో, అంటే 75 శాతం. షెడ్యూల్ ప్రకారం ఐదింట మూడు, 60 శాతమే. ఒకటి ఆలస్యం, ఒకటి తప్పిపోయింది.

తర్వాతి ఆదివారం దాకా జరిగితే ఆలస్యం, ఆపైన తప్పిపోయినట్టే. ఈ హద్దు ముందే రాసుకోకపోతే నెలాఖరున తప్పినవన్నీ ‘ఆలస్యం’లోకి జారుకుంటాయి.

సకాలంలో జరిగిన మూడింటిలో ఒకసారి ఫైల్ తెరుచుకోకపోవచ్చు. దానికి వేరే గడి ఉండాలి. సమయపాలన వేరు, ఫలితం వేరు.