గింబల్ పట్టుకుని నడిచేటప్పుడు

పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మండపానికి మోసుకొస్తుంటే, ఎదురుగా వెనక్కి నడుస్తూ ఫోన్లో వీడియో తీయడం కష్టమైన పని. గింబల్ ఉన్నా చాలామంది వీడియోలో అడుగడుగునా ఎగుడుదిగుడు కనిపిస్తుంది. ఇందులో గింబల్ తప్పేమీ లేదు. దానిలోని మూడు మోటార్లు ఫోన్ పక్కకు తిరగడం, పైకీ కిందకీ వాలడం, ఓరగా ఒరగడం అనే మూడింటినే సరిచేస్తాయి. అడుగు వేసినప్పుడల్లా చెయ్యి మొత్తం లేచి పడే కదలికను అవి ఆపలేవు. ఆ పని మోకాళ్లది. మోకాళ్లు కాస్త వంచి, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, నిండు బిందె ఎత్తుకున్నవారిలా చిన్న అడుగులు వేయాలి. ముందుకైతే మడమ ముందు, వెనక్కైతే మునివేళ్లు ముందు ఆనాలి.

అంతకంటే ముందు ఫోన్ సరిగ్గా తూగాలి. గింబల్ ఆన్ చేయకుండానే ఫోన్ బిగించి వదిలి చూడండి. ఒక పక్కకు వాలిపోతే, పట్టుకునే క్లాంపును బరువైన వైపుకు కొద్దికొద్దిగా జరుపుతూ పోవాలి. కెమెరాలున్న వైపే సాధారణంగా బరువెక్కువ కాబట్టి ఫోన్ నడిమధ్యలో పట్టిస్తే చాలదు. చేయి తీసినా ఫోన్ దాదాపు అడ్డంగా నిలిచినప్పుడే ఆన్ చేయాలి. మందపాటి కవరు, వెనక అంటించిన రింగు, వేలాడే ఛార్జింగ్ వైరు తూకాన్ని చెడగొడతాయి. తూకం తప్పితే మోటార్లు ఫోన్‌ను మోయడానికే శక్తి ఖర్చుపెడతాయి. సన్నగా గుంయ్‌మంటాయి, వేడెక్కుతాయి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది, చిత్రంలో సన్నని వణుకు వస్తుంది.

ఇక మోడ్. ఫాలోలో పిడి ఎటు తిరిగితే ఫోన్ కాస్త ఆలస్యంగా, మెల్లగా అటు తిరుగుతుంది. లాక్‌లో పిడి ఎలా తిరిగినా ఫోన్ ఒకే దిక్కు చూస్తుంది. ఆ గంపనే చూడండి. గది గుమ్మం దాటి వరండా మలుపు తిరిగేదాకా ఫాలో కావాలి. అందులోనూ పక్కలకు మాత్రమే తిరిగి, పైకీ కిందకీ వాలకుండా ఉండే రకాన్ని ఎంచుకోవాలి. దాన్ని చాలావాటిలో పాన్ ఫాలో అనో టిల్ట్ లాక్ అనో అంటారు. మలుపులో మణికట్టు తిప్పకండి, నడుముతో సహా నెమ్మదిగా తిరగండి. చటుక్కున తిరిగితే ఫోన్ వెనకబడి గంప ఫ్రేములోంచి జారిపోతుంది.

కుర్చీల వరుసల మధ్య తిన్నని దారికి వచ్చాక లాక్ మేలు. వెనక్కి నడిచేటప్పుడు ఒళ్లు కుడిఎడమలకు ఊగుతుంది. ఆ ఊపుకు పిడి తిరిగినప్పుడల్లా ఫాలో దాన్ని మలుపనుకుని ఫోన్‌ను అటూ ఇటూ తిప్పుతుంది. చాలా గింబళ్లలో వేలి కింది ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నంతసేపూ లాక్ ఉంటుంది, వదలగానే ఫాలో వస్తుంది. కాబట్టి వదిలే ముందు పిడిని ఫోన్ చూస్తున్న దిక్కుకే తెచ్చుకోవాలి. లేకపోతే చిత్రం ఒక్కసారిగా పక్కకు మళ్లుతుంది.