మీకు తెలుసా? అడవి నిప్పును పట్టించేది ప్లాంక్ లెక్కే

మార్చి వచ్చిందంటే కిన్నెరసాని నుంచి భద్రాచలం దాకా టేకు ఆకు రాలి, అడవి నేలంతా ఎండుటాకుల పరుపవుతుంది. ఎక్కడో ఒక నిప్పురవ్వ పడితే మంట చెట్ల పైకి ఎక్కదు. నేలబారుగా, సన్నటి గీతలా పాకుతూ పోతుంది. ఆ గీతను 700 కిలోమీటర్లకు పైన తిరిగే ఉపగ్రహం గుర్తుపడుతుంది. భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఇలాంటి సమాచారంతోనే రాష్ట్రాల అటవీ శాఖలకు హెచ్చరికలు పంపుతోంది.

ఆ ఉపగ్రహంలోని మోడిస్ పరికరం ఈ పనికి వాడే చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద దాదాపు కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉంటుంది. అందులో మంట మండేది పది గుంటలే అనుకుందాం. అంటే చుక్కలో వెయ్యో వంతు. అంత చిన్న భాగం మొత్తం చుక్క కొలతను ఎలా మార్చగలదు?

పాత లెక్క ఏమంటుంది?

వేడిగా ఉన్న ప్రతి వస్తువూ కిరణాలు విడుస్తుంది. తన మీద పడిన కిరణాలన్నిటినీ మింగేసే ఆదర్శ వస్తువును కృష్ణవస్తువు అంటారు. అది ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వికిరణం విడుస్తుందో దాని ఉష్ణోగ్రత ఒక్కటే తేలుస్తుంది. అడవి నేల, కణకణలాడే నిప్పులు రెండూ ఈ ఆదర్శానికి బాగా దగ్గర.

ఈ లెక్క కట్టడానికి శాస్త్రవేత్తలు మూసిన పెట్టెలాంటి ఒక గదిని ఊహించుకున్నారు. గోడల మధ్య సరిగ్గా ఇమిడే తరంగాలే అందులో నిలుస్తాయి. అలా నిలిచే ఒక్కో తీరునూ ఒక కంపన రీతి అంటారు. తరంగం పొట్టిదయ్యేకొద్దీ ఇమిడే తీరులు పెరుగుతాయి. ఒక హద్దు కంటే పొడవైన తరంగాల రీతులన్నిటినీ లెక్కపెట్టి, ఆ హద్దును సగానికి తగ్గించి మళ్లీ లెక్కపెడితే, మొత్తం ఎనిమిది రెట్లవుతుంది. ఆ పెరుగుదలకు అంతంటూ లేదు.

ఇక్కడే పాత భౌతికశాస్త్రపు సమవిభజన సూత్రం అడ్డంపడింది. దాని ప్రకారం రీతి పొడవైనదైనా పొట్టిదైనా ఉష్ణోగ్రతకు తగ్గ ఒకే వాటా శక్తి, అంటే kT, దక్కాలి. రీతులకు అంతు లేనప్పుడు ఒక్కోదానికీ అంతే వాటా ఇస్తూ పోతే మొత్తం శక్తి కూడా అనంతమవుతుంది. ఆ లెక్కే నిజమైతే మామూలు గది వేడిలో ఉన్న రాయి కూడా చీకట్లో నీలంగా, అంతకు మించి అతినీలలోహితంలో వెలగాలి. అలా ఎక్కడా జరగదు. పొడవాటి తరంగాల దగ్గర ఈ లెక్క కొలతలతో చక్కగా సరిపోతుంది, పొట్టి తరంగాల దగ్గరే పూర్తిగా తప్పుతుంది. అందుకే భౌతికశాస్త్రవేత్త పాల్ ఎరెన్‌ఫెస్ట్ 1911లో దీనికి అతినీలలోహిత విపత్తు అని పేరు పెట్టాడు.

ప్లాంక్ మార్చింది ఏమిటి?

1900 డిసెంబరు 14న బెర్లిన్‌లో మాక్స్ ప్లాంక్ కొత్త లెక్క చూపించాడు. ఆ లెక్కను ఈనాటి మాటల్లో చెప్పాలంటే, ఒక రీతి శక్తిని ఎంత పడితే అంత తీసుకోలేదు. hν పరిమాణంలో ఉన్న ముద్దలుగా, ఒకటో రెండో మూడో, అలా పూర్తి సంఖ్యలోనే తీసుకోవాలి. ఇందులో ν పౌనఃపున్యం, కాబట్టి తరంగం పొట్టిదయ్యేకొద్దీ ముద్ద పెద్దదవుతుంది. చేతికందే వాటా kT కంటే ముద్ద చాలా పెద్దదైతే, ఆ రీతికి ఒక్క ముద్ద దొరకడమే అరుదు. ఎక్కువ సమయం అది ఖాళీగానే ఉంటుంది. రీతులు ఎన్ని ఉన్నా పొట్టివన్నీ నిద్రపోతున్నట్టే లెక్క. మొత్తం శక్తి అనంతం కాకుండా ఆగేది ఇందువల్లే.

ముద్ద వాటాకు ఎన్ని రెట్లో తెలుసుకోవడం తేలిక. 14,388ని మైక్రాన్లలో తరంగదైర్ఘ్యంతోనూ, కెల్విన్‌లో ఉష్ణోగ్రతతోనూ భాగిస్తే చాలు. వచ్చిన సంఖ్యను x అందాం. రీతి సగటు శక్తి hν/(eˣ − 1) అవుతుంది.

ఇప్పుడు మన అడవిలో

రాత్రిపూట నేల 27 డిగ్రీలు, అంటే 300 కెల్విన్. మంట 900 కెల్విన్ అనుకుందాం. ఉపగ్రహం పరారుణంలో ప్రధానంగా రెండు చోట్ల చూస్తుంది. ఒకటి 4 మైక్రాన్లు, ఇంకోటి 11 మైక్రాన్లు.

4 మైక్రాన్ల దగ్గర నేలకు x సుమారు 12. సమవిభజన ఇస్తానన్న వాటాలో ఇక్కడ ఒక్కో రీతికి దక్కేది దాదాపు పదమూడు వేలో వంతే. అదే చోట మంటకు x సుమారు 4, దక్కేది దాని వాటాలో పదమూడో వంతు. నేలకూ మంటకూ రీతుల సంఖ్య ఒకటే కాబట్టి అది లెక్కలోంచి కొట్టుకుపోతుంది. మిగిలిన నిష్పత్తి చూస్తే 4 మైక్రాన్ల దగ్గర మంట నేలకంటే సుమారు 3,000 రెట్లు ప్రకాశిస్తుంది. 11 మైక్రాన్ల దగ్గర అది దాదాపు 24 రెట్లే.

వెయ్యో వంతు మంట ఉన్న చుక్కకు దీన్ని వర్తింపజేద్దాం. 4 మైక్రాన్ల వెలుగు నాలుగింతలవుతుంది. పరికరానికి ఆ చుక్క 300 కాక దాదాపు 339 కెల్విన్‌గా కనిపిస్తుంది. 11 మైక్రాన్ల దగ్గర పెరిగేది ఒకటిన్నర డిగ్రీ మాత్రమే. ఒకే నేలకు రెండు ఉష్ణోగ్రతలు, మధ్యలో 37 డిగ్రీలకు పైగా తేడా. చుక్క అంతా ఒకే వేడిలో ఉంటే ఇంత తేడా రాదు. లోపల ఎక్కడో చిన్న చోట చాలా వేడి ఉందని తేలిపోతుంది.

సమవిభజనే నిజమై ఉంటే? మంట నేలకంటే రెండు చోట్లా మూడు రెట్లే వెలిగేది. చుక్క రెండు కొలతల్లోనూ సుమారు 0.6 డిగ్రీ పెరిగి ఊరుకునేది. అది మంటో, పగటి వేడి ఇంకా చల్లారని బండరాయో చెప్పే దారే ఉండేది కాదు.

ఎక్కడ పొరబడుతుంది?

పగలు ఎండ కూడా 4 మైక్రాన్ల దగ్గర నేల మీద పడి తిరిగి పైకి వస్తుంది. నీటి మీద సూర్యుడు తళుక్కుమన్నా ఆ కొలత పెరుగుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం బోడి నేల దానంతటదే 330 కెల్విన్ దాటవచ్చు. అందుకే ఒక్క 4 మైక్రాన్ల సంఖ్య చూసి మంట అని తేల్చరు. 11 మైక్రాన్ల కొలతతోనూ, చుట్టుపక్కల చుక్కలతోనూ పోల్చి చూస్తారు. దట్టమైన మబ్బు కమ్మితే మాత్రం కింది మంట రెండు చోట్లా కనబడదు.

ఈ పోలిక మీరూ చూడవచ్చు. నాసా ఉచితంగా ఇచ్చే FIRMS పట్టికలో మోడిస్ గుర్తించిన ప్రతి నిప్పు పక్కనా రెండు గడులుంటాయి. `brightness` అనేది 4 మైక్రాన్ల కొలత, `bright_t31` అనేది 11 మైక్రాన్ల కొలత, రెండూ కెల్విన్‌లోనే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో నమోదైన ఏదో ఒక రాత్రి నిప్పును తీసుకుని మొదటి దానిలోంచి రెండోది తీసివేయండి. సమవిభజన ప్రకారం ఆ తేడా సున్నా రావాలి.