బాణాల చిక్కు విప్పే పద్ధతి

హైదరాబాద్ మెట్రో రైళ్లను కనిపెట్టి ఉండే నియంత్రణ కేంద్రం ఉప్పల్ డిపోలో ఉంది. 2017 నవంబరులో నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్‌కు ఈ రైళ్లు మొదలయ్యాయి. ఇలాంటి వ్యవస్థ మొత్తాన్ని ఒకే కాగితం మీద గీయాలనుకుందాం. ఇలాంటి మెట్రోలో ఉండే ముఖ్య భాగాలనే తీసుకున్నా రైలులోని కంప్యూటరు, పట్టాల పక్క సిగ్నలింగ్ కంప్యూటరు, రేడియో, కంట్రోల్ రూమ్, సబ్‌స్టేషన్, పై తీగ, స్టేషన్ కరెంటు, ప్రకటనల వ్యవస్థ, టికెట్ గేటు, స్టేషన్ కంప్యూటరు, కేంద్ర సర్వరు, అందరికీ టైము చెప్పే గడియారం కలిపి 12 పెట్టెలవుతాయి. 12 పెట్టెల మధ్య 66 జతలు కుదురుతాయి. ప్రతి జతకూ రాను ఒకటి, పోను ఒకటి చొప్పున గీస్తే 132 బాణాలు. అందులో మూడో వంతు గీసినా పటం చదవడానికి పనికిరాదు.

బాణాలు ఎక్కువయ్యాయి కాబట్టి కొన్ని తుడిచేద్దామనిపిస్తుంది. అది తప్పుదారి అని నా అభిప్రాయం. ఒకే రకం బాణం నాలుగు వేర్వేరు సంగతులు చెప్పడమే అసలు చిక్కు. అందుకే తుడిచే ముందు ప్రతి బాణం మీదా ఒక క్రియాపదం రాయాలి. రైలు తాను ఎక్కడున్నదీ రేడియోలో చెబుతుంది. ఎంత దూరం వరకు పోవచ్చో సిగ్నలింగ్ కంప్యూటరు దానికి అనుమతిస్తుంది. సబ్‌స్టేషన్ 25 వేల వోల్టుల కరెంటు ఇస్తుంది. గేటు ప్రయాణాల లెక్క పంపుతుంది. ఇలా రాస్తూ పోతే సమాచారం, ఆదేశం, కరెంటు, డబ్బు లెక్క అని బాణాలు వాటంతట అవే వేరుపడతాయి. ఏ క్రియా రాయలేని బాణం కనిపిస్తే, గీసినవారికే ఆ సంబంధం తెలియదన్నమాట. వెళ్లి కనుక్కోవాల్సింది దాని గురించే. గడియారం నుంచి బయల్దేరే బాణాలు మాత్రం దాదాపు అన్ని పెట్టెలకూ పోతాయి. దాదాపు అన్నిటికీ పోయేది దేన్నీ ప్రత్యేకించి చెప్పదు కాబట్టి, వాటిని తీసేసి పటం అడుగున ఒక్క వాక్యం రాస్తే చాలు.

ఆ తర్వాత ఎవరు ఏ ప్రశ్నతో పటం ముందు నిలబడతారో చూడాలి. నాచారం పారిశ్రామికవాడకు పోయే ప్రయాణికుడికి హబ్సిగూడలో దిగాలన్న సంగతి, టికెట్, గేటు చాలు. అతని పటంలో మెట్రో అంతా ఒక్కటే పెట్టె. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవారికి ఆ పెట్టెను తెరిచి రైళ్లు, కరెంటు, స్టేషన్లు, టికెట్లు అనే నాలుగు గుంపులు చూపాలి. రెండు గుంపుల మధ్య ఎన్ని బాణాలున్నా ఈ మెట్టులో అవి కలిసి ఒక్క గీతవుతాయి, అంటే ఆరుకు మించవు. సిగ్నలింగ్ ఇంజనీరుకు రైళ్ల గుంపొక్కటే విప్పి, మిగిలిన మూడూ అంచున మూసిన పెట్టెలుగా ఉంచాలి. ఒక మెట్టులోని పెట్టెను ఇంకో మెట్టు పటంలో పెట్టకపోవడం ఇక్కడి నియమం. ప్రయాణికుడి పక్కనే రేడియో మాడ్యూల్ కనిపించిందంటే ఆ పటం మళ్లీ చిక్కుబడటం మొదలైనట్టే.

విడదీస్తే ప్రమాదం ఉందనేవారి మాట కొట్టిపారేయదగింది కాదు. హబ్సిగూడ దగ్గర పై తీగలో కరెంటు పోయిందనుకుందాం. తీగను విభాగాలుగా చేసి విడివిడిగా కరెంటు ఇస్తారు. ఆ విభాగాల హద్దులు స్టేషన్ల హద్దులతో కలవాలని లేదు. కరెంటు పటం విభాగాన్ని చూపుతుంది, రైళ్ల పటం స్టేషన్లను చూపుతుంది. నాగోల్ వైపు నుంచి వెనక వచ్చే రైలును ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్‌లో ఆపాలా, అంతకు ముందున్న స్టేడియం స్టేషన్‌లోనే ఆపాలా అన్నది ఏ ఒక్క పటమూ చెప్పదు. ఫిలిప్ క్రూష్టెన్ 1995లో సాఫ్ట్‌వేర్ నిర్మాణాలకు నాలుగు దృశ్యాలు చాలవని, వాటిని కలిపే సన్నివేశాలు కూడా కావాలని ప్రతిపాదించింది ఇందుకే. ఒక ఘటనను తీసుకుని అది ఏయే పటాల్లో ఏయే పెట్టెలను తాకుతుందో వరుసగా రాసుకోవాలి. ఏ విభాగం కింద ఏ స్టేషన్లు వస్తాయో చిన్న పట్టిక కూడా కావాలి. అయితే ముందే ఆలోచించి రాసుకున్న ఘటనలకే ఇది పనికొస్తుంది. ఎవరూ ఊహించని లోపాన్ని ఈ పద్ధతి పట్టివ్వదు. పాత చిక్కుపటం కూడా పట్టివ్వలేదు.

నాలుగు పటాలు పెడితే మూడు పాతబడిపోతాయన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. చేత్తో విడివిడిగా గీస్తే నిజంగా అంతే. అందుకని పటాలను కాక, పెట్టెల పేర్లూ క్రియాపదాలతో కూడిన బాణాలూ ఉన్న ఒకే జాబితాను అసలుగా ఉంచి, పటాలన్నీ దాని నుంచే తీయాలి. ఫోన్‌లో క్యూఆర్ టికెట్ కోసం జాబితాలో కొత్త వరుస చేరిస్తే ప్రయాణికుడి పటం, టికెట్ల పటం మారతాయి. సిగ్నలింగ్ ఇంజనీరు పటంలో గీత కూడా కదలకూడదు. కదిలితే ఆ వరుస తప్పుగా రాశారా, టికెట్‌కూ సిగ్నలింగ్‌కూ మధ్య ఉండకూడని లంకె నిజంగానే పడిందా అని అప్పుడే అడగాలి.