పరిమితి 80 లక్షలు, తీసుకోదగినది 63 లక్షలే
సరుకు, బాకీల పట్టీల నుంచి బ్యాంకు డ్రాయింగ్ పవర్ లెక్క కట్టే తీరు

క్యాష్ క్రెడిట్ పరిమితి మంజూరయితే ఆ మొత్తమంతా ఎప్పుడైనా వాడుకోవచ్చునని అనుకునే వర్తకులు నేటికీ వున్నారు. మంజూరు పత్రంలోని అంకె గరిష్ఠ హద్దు మాత్రమే. ఏ నెలకానెల సమర్పించే సరుకు, బాకీల పట్టీల నుంచి తేలే డ్రాయింగ్ పవర్, మంజూరయిన పరిమితి - ఈ రెండింటిలో ఏది తక్కువయితే అంతవరకే చెక్కులు చెల్లుతాయి.

గుంటూరులో సొంతానికి కొంటూ, రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక మిర్చి వర్తకుని ఉదాహరణగా తీసుకుందాం. పరిమితి రు. 80 లక్షలు. మార్జిన్ సరుకు మీద 25 శాతం, బాకీల మీద 40 శాతం. 90 రోజులు దాటిన బాకీలు లెక్కకు రావు. ఈ షరతులు బ్యాంకును బట్టి మారుతాయి కనుక ఎవరి మంజూరు పత్రం వారు చూసుకోవాలి.

నెలాఖరున కోల్డు స్టోరేజిలో 700 క్వింటాళ్లున్నాయి. కొన్న ధర క్వింటాలు రు. 18,000. రావలసిన బాకీలు రు. 40 లక్షలు. వర్తకుడు తన లెక్కన సరుకు విలువ రు. 126 లక్షలని, మార్జిన్లు పోను మొత్తం రు. 118.5 లక్షలు తేలుతుందని, 80 లక్షలకు ఢోకా లేదని ధీమాగా వున్నాడు. ఖాతాలో అప్పటికి వాడుకున్నది రు. 72 లక్షలు.

బ్యాంకు లెక్క వేరు. 700 క్వింటాళ్లలో 100 క్వింటాళ్లు రైతులవి. అవి వర్తకుని ఆస్తి కావు కనుక తీసివేశారు. మిగిలిన 600 క్వింటాళ్లకు కొన్న ధర, మార్కెట్ ధరలలో తక్కువదే కడతారు. ధర రు. 15,000కు దిగింది కనుక విలువ రు. 90 లక్షలు. ఇందులో అరువుకు కొని ఇంకా సొమ్ము చెల్లించని సరుకు రు. 30 లక్షలు. దానికి పెట్టుబడి అమ్మినవాడిదే తప్ప వర్తకునిది కాదు. అది పోగా రు. 60 లక్షలు, మార్జిన్ తీస్తే రు. 45 లక్షలు. బాకీలలో రు. 10 లక్షలు 90 రోజులు దాటినవి. మిగతా 30 లక్షలకు మార్జిన్ పోగా రు. 18 లక్షలు. వెరసి డ్రాయింగ్ పవర్ రు. 63 లక్షలు. ఖాతా రు. 9 లక్షలు మీరి వున్నది.

ఇక్కడ వర్తకుడు కూడా బ్యాంకు లెక్కను సరిచూసుకోవలసిన చోటు ఒకటి వున్నది. అరువు బాకీని మార్జిన్‌కు ముందే తీసివేయాలి. 90 లక్షలకు ముందుగా మార్జిన్ తీసి, ఆ పైన 30 లక్షలు తగ్గిస్తే సరుకు మీద తేలేది రు. 37.5 లక్షలే. క్రమం తారుమారయితే వర్తకునికి రు. 7.5 లక్షలు నష్టం.

ఇక ఆ 9 లక్షల లోటు ఎట్లా పూడ్చాలి? చాలామంది సులువుగా వసూలయ్యే కొత్త బాకీలు రాబట్టి ఖాతాలో కడతారు. అట్లా 9 లక్షలు కడితే ఖాతా 63 లక్షలకు దిగుతుంది, నిజమే. కాని 9 లక్షల బాకీలు పట్టీ నుంచి పోవడంతో డ్రాయింగ్ పవర్ కూడా రు. 5.4 లక్షలు తగ్గి 57.6 లక్షలవుతుంది. లోటు పూర్తిగా తీరదు. అదే మొండికేసిన పాత 10 లక్షలు వసూలు చేస్తే ఖాతా 62 లక్షలకు వస్తుంది. ఆ బాకీలు మొదటే లెక్కలో లేవు కనుక డ్రాయింగ్ పవర్ 63 లక్షలుగానే నిలుస్తుంది. వెంటపడవలసింది ముందు పాతవారి వెంటే. అరువుకు మరింత సరుకు దించితే ప్రయోజనం సున్న. సరుకు ఎంత పెరిగితే బాకీ అంత పెరుగుతుంది.

కోల్డు స్టోరేజి రసీదు మీద మరోచోట అప్పు తెచ్చిన సరుకును ఇక్కడ కూడా చూపడం కొందరికి అలవాటు. తనిఖీకి వచ్చినవారు స్టోరేజి రిజిస్టరును, రసీదులను పట్టీతో పోల్చితే అది బయటపడుతుంది. ఆపైన ఖాతా మీదనే అనుమానం పడుతుంది.

పట్టీ ఆలస్యమయినా చిక్కే. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మూడు నెలలకు మించి పాతబడిన పట్టీ ఆధారంగా తీసిన సొమ్ము అక్రమ వాడకంగా పరిగణింపబడుతుంది. అది వరుసగా 90 రోజులు సాగితే ఖాతా నిరర్థక ఆస్తుల జాబితాలో చేరుతుంది. గిడ్డంగిలో సరుకు నిండుగా వున్నా, వడ్డీ కడుతున్నా ఈ నిబంధన మారదు.