పదమూడేళ్లకే తీర్పు వద్దు

పదమూడేళ్ల ఇద్దరు కుర్రాళ్లు. ఒకడి ఎత్తు 168 సెంటీమీటర్లు, ఇంకొకడిది 150. ఒకే ఏడాది పుట్టారు, ఒకే జట్టులో ఆడతారు. సెలక్షన్ రోజున పొడుగువాడు భుజంతో నెట్టి బంతి లాక్కుంటాడు, కోచ్ చూపు అతని మీదే నిలుస్తుంది. ఆరేళ్ల నుంచి పద్దెనిమిది దాకా ఆటగాణ్ణి పెంచడానికి ఫుట్‌బాల్ అకాడమీ ఎంత మంచి ప్రణాళిక వేసుకున్నా, అది ఎక్కువగా గాడి తప్పేది ఇక్కడే.

తొలి మెట్లు తేలికైనవే. తొమ్మిదేళ్ల దాకా పరుగులు, గెంతులు, రకరకాల ఆటలు. తర్వాత పన్నెండు దాకా చిన్న మైదానంలో, కొద్దిమందితో ఆడుతూ బంతి మీద పట్టు. ఒళ్లు ఒక్కసారిగా ఎదిగే దశలోనే చిక్కంతా. ఎత్తు అతివేగంగా పెరిగే సమయం మగపిల్లలకు సగటున 14 ఏళ్లు, ఆడపిల్లలకు 12. ఏడాది, రెండేళ్లు అటూ ఇటూ కావడం మామూలే.

కాబట్టి పుట్టిన తేదీతోపాటు ఎదుగుదలనూ లెక్కలోకి తీసుకోవాలి. ఖామిస్-రోచ్ పద్ధతిలో పిల్లవాడి వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తులను బట్టి పెద్దయ్యాక ఎంత ఎత్తుంటాడో అంచనా వేస్తారు. మన పొడుగువాడికి 178 వచ్చిందనుకుందాం. అంటే ఇప్పటికే 94 శాతం ఎదిగేశాడు. పొట్టివాడికి 176 వస్తే, అతను ఎదిగింది 85 శాతమే. ఇద్దరి మధ్య కనిపించిన తేడాలో చాలా భాగం ప్రతిభది కాదు, ముందు ఎదగడానిది.

ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ అకాడమీలు 2015లో ఈ శాతాన్ని బట్టి జట్లు కట్టి పోటీలు ఆడించాయి. ముందే ఎదిగినవాళ్లకు బలం ఒక్కటే చాలలేదు, బుర్రకూ పాదాలకూ పని పడింది. ఆలస్యంగా ఎదిగేవాళ్లకు తమ నైపుణ్యం చూపే వీలు దొరికింది. అయినా ఇలాంటి ఆట అప్పుడప్పుడూ ఉండాలే తప్ప, వయసు జట్లను ఎత్తేయకూడదు.

ఈ అంచనా కొన్ని సెంటీమీటర్లు తప్పవచ్చు. పైగా ఆ సూత్రం అమెరికాలోని తెల్లజాతి పిల్లల కొలతల మీద కట్టింది. మన పిల్లల విషయంలో మూడు నెలలకోసారి చెప్పులు విప్పించి, ఒకే వేళకు కొలిచిన ఎత్తునే నేను ఎక్కువగా నమ్ముతాను. పెరుగుదల ఉన్నట్టుండి జోరందుకుంటే, నిన్నటిదాకా చక్కగా ఆడిన కుర్రాడు తడబడవచ్చు. మోకాలిచిప్ప కింద, మడమలో నొప్పి రావచ్చు. దాన్ని బద్ధకం అనుకోవద్దు. గెంతులు, హఠాత్తుగా ఆగే పరుగులు తగ్గించి, బంతి పనినీ తేలికపాటి బల వ్యాయామాన్నీ కొనసాగించాలి.

జేమీ వార్డీని షెఫీల్డ్ వెడ్నెస్‌డే 16 ఏళ్లకు వదులుకుంది, చిన్నగా ఉన్నాడని. 2016లో లెస్టర్ సిటీని ఇంగ్లండ్ విజేతగా నిలిపినవాళ్లలో అతనొకడు.

అందుకే ఏడాది చివరి సమీక్షలో కోచ్ మార్కుల పక్కనే ఎదుగుదల శాతం రాసి ఉండాలి. 92 దాటని పిల్లవాణ్ణి ఒళ్లు చిన్నదన్న ఒక్క కారణంతో పంపేయకుండా, మరో ఏడాది చూసి తేల్చాలి.