‘ఎగ్జామ్ టుమారో ఆ, మిస్?’ – ఈ ‘ఆ’ ఎక్కడి నుంచి వచ్చింది?

‘ఎగ్జామ్ టుమారో ఆ, మిస్?’ ‘హోంవర్క్ టూ పేజెస్ ఆ?’ తనకల్లులో మా తరగతుల్లో రోజూ వినిపించే ఇంగ్లీషు ఇది. ఇంట్లో మీరూ వినే ఉంటారు. పిల్లలకు గ్రామర్ రాక ఇలా అంటున్నారని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. నిజానికి ఆ చివరి ‘ఆ’ అచ్చమైన తెలుగు వ్యాకరణం.

తెలుగులో అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నను ఈ ఒక్క దీర్ఘంతో తయారుచేస్తాం. ‘రవి నిన్న కదిరికి పోయినాడు’ అన్నది సమాచారం. ‘పోయినాడా?’ అంటే ప్రశ్న. అనుమానం రోజు మీద ఉంటే ‘రవి నిన్ననా కదిరికి పోయింది?’ అంటాం. మనిషి మీద ఉంటే ‘రవినా నిన్న కదిరికి పోయింది?’ అంటాం. ‘ఆ’ ఏ మాటకు అంటుకుంటే అనుమానం ఆ మాట మీద ఉన్నట్టు. అది క్రియను వదిలి వేరే మాట మీదికి పోగానే ‘పోయినాడు’ కాస్తా ‘పోయింది’గా మారుతుంది. ఇది ఎవరూ నేర్పకుండానే మన పిల్లలకు వచ్చేసింది!

ఇంగ్లీషులో ఇలా అంటించడానికి అక్షరం లేదు. ‘డిడ్ రవి గో టు కదిరి యెస్టర్డే?’ అన్న వాక్యంలో మాటలు కదలవు, గొంతు కదులుతుంది. అనుమానం రవి మీదైతే ‘రవి’ దగ్గర గొంతు కింది నుంచి లేవడం మొదలై వాక్యం చివరి దాకా దిగదు. కదిరి మీదైతే ఆ లేవడం ‘కదిరి’ దగ్గర మొదలవుతుంది. ముఖ్యమైన మాట మీద గొంతు స్థాయిలో వచ్చే ఈ మార్పును పిచ్ యాక్సెంట్ అంటారు. వాక్యం చివర గొంతు పైకి పోయిందా, కిందికి దిగిందా అన్నది బౌండరీ టోన్. మొదటిది ఏ మాట ముఖ్యమో చెబుతుంది. రెండోది, అడుగుతున్నామో చెబుతున్నామో తెలుపుతుంది. మన ‘ఆ’ ఈ రెండు పనులూ ఒక్కటే చేస్తుంది. అందుకే పిల్లలు దాన్ని అంత తేలిగ్గా వదలరు.

‘టుమారో ఆ?’ అంటే ఇక్కడ అందరికీ అర్థమవుతుంది కాబట్టి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. చిక్కు జవాబుల్లో వస్తుంది. ‘హూ వెంట్ టు కదిరి?’ అని అడిగితే ‘రవి వెంట్ టు కదిరి’ అనాలి. శిఖరం ‘రవి’ మీద ఉండాలి, ఆ తర్వాతి మాటలు కింద చదునుగా సాగిపోవాలి. పిల్లలు చాలాసార్లు ప్రతి మాటనూ సమానంగా పలికి, చివరి ‘కదిరి’ దగ్గర మళ్లీ గొంతు పెంచుతారు. బయటి నుంచి వినేవాళ్లకు అది ‘ఎక్కడికి పోయాడు?’ అన్న ప్రశ్నకు జవాబులా వినిపిస్తుంది. గ్రామర్ పూర్తిగా సరే, జవాబు మాత్రం వేరే ప్రశ్నది.

‘నేనే చేసినాను’లోని ‘ఏ’ సంగతీ ఇంతే. దాని బదులు పిల్లలు ‘ఐ ఓన్లీ డిడ్ ఇట్’ అంటారు (పెద్దవాళ్లమూ అంటాం). మన ప్రాంతం దాటితే ఆ మాటకు ‘ఊరికే చేశానంతే’ లాంటి అర్థం వస్తుంది. అక్కడ ‘ఓన్లీ’ అవసరమే లేదు. ‘ఐ డిడ్ ఇట్’ అంటూ ‘ఐ’ దగ్గర గొంతు ఎత్తి, తర్వాత దించితే చాలు.

తెలుగులో గొంతుకు పనే లేదని కాదు. ఒక్క ‘అవునా’ను నమ్మినట్టు, నమ్మనట్టు, ఆశ్చర్యపోయినట్టు అనవచ్చు. అలాగే ఇంగ్లీషులో ప్రతి ప్రశ్నకూ గొంతు లేవాలన్నది కూడా అపోహే. ‘వేర్ ఆర్ యూ గోయింగ్?’ లాంటివి మామూలుగా కిందికి దిగుతూ ముగుస్తాయి, ఎందుకంటే ‘వేర్’ అన్న మాటే ప్రశ్న అని చెప్పేసింది. దాన్నే ‘వేర్’ దగ్గర నుంచి పైకి లేపి అంటే ‘ఎక్కడికన్నావ్? సరిగా వినబడలేదు’ అన్నట్టు ఉంటుంది.

దీన్ని కంటితో చూడాలనుకుంటే, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసిన ‘ప్రాట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కంప్యూటర్‌లో రికార్డు చేసిన గొంతు ఎక్కడ లేచిందో, ఎక్కడ దిగిందో గీతగా చూపిస్తుంది.

అది లేకున్నా ఇంట్లో ఒక ఆట ఆడవచ్చు. కాగితం మీద ‘ఎవరు?’, ‘ఎక్కడికి?’, ‘ఎప్పుడు?’ అని మూడు చీటీలు రాయండి. పాప ఒక చీటీ తీసి మీకు చూపకుండా, ఆ ప్రశ్నకు జవాబుగా ‘రవి వెంట్ టు కదిరి యెస్టర్డే’ అనాలి. మాటలు మార్చకూడదు. మీరు అటు తిరిగి కూర్చుని, ఏ చీటీ వచ్చిందో గొంతును బట్టే చెప్పాలి. మీ ఊహ తప్పితే ఇంకోసారి అనిపించి, ముఖ్యమైన మాట అయిపోయాక ఏం జరుగుతోందో వినండి. ఆ మాటను పాప గట్టిగానే పలికి ఉండవచ్చు, కానీ ‘యెస్టర్డే’ దగ్గర గొంతు మళ్లీ పైకి లేచి ఉంటుంది.