‘నోరూరించే’ అనకుండా నోరూరించడం

హోటల్ మెనూ పోస్టుల్లో తరచూ కనిపించే ‘రుచికరమైన’, ‘అద్భుతమైన’, ‘నోరూరించే’ అనే మాటలు ఏ వంటకానికైనా అతుకుతాయి. కాబట్టి ఏ వంటకం గురించీ ఏమీ చెప్పవు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త డాన్ జురాఫ్‌స్కీ బృందం అమెరికాలో సుమారు 6,500 మెనూలను పరిశీలించింది. ఇలాంటి పొడి పొగడ్తలు ఎక్కువగా ధర తక్కువ వంటకాల పక్కనే కనిపించాయని 2014లో వచ్చిన ‘ది లాంగ్వేజ్ ఆఫ్ ఫుడ్’ పుస్తకంలో ఆయన వివరించారు. చెప్పుకోదగ్గ సరుకు ఉన్నచోట దాని పేరు చెబితే చాలు, పొగడ్త అక్కర్లేదు.

ఒక టిఫిన్ సెంటర్ పోస్టును ఉదాహరణగా తీసుకోవచ్చు. ‘వేడివేడి, కరకరలాడే, అద్భుతమైన పెసరట్టు! ఒక్కసారి రుచి చూడండి.’ దీన్ని తిరగరాయడానికి ముందు వంట మాస్టర్‌ని మూడు సంగతులు అడగాలి: పిండిలో ఏం పడుతుంది, పెనం మీద ఏం జరుగుతుంది, ప్లేటులో పక్కన ఏం ఉంటుంది. ఆ జవాబులతో పోస్టు ఇలా మారుతుంది:

‘పొట్టు తీయని పెసలను అల్లం, పచ్చిమిర్చితో రుబ్బి, పెనం మీద పల్చగా తిప్పి, ఉల్లితరుగు, జీలకర్ర చల్లి, అంచులు ఎర్రబడేదాకా కాల్చిన అట్టు. మడతలో ఉప్మా, పక్కన బెల్లం వేసిన అల్లం పచ్చడి. ఉదయం 7 నుంచి 10:30 వరకు.’

ఇందులో ఒక్క పొగడ్త లేదు. ‘పొట్టు తీయని’ అనగానే అట్టు పచ్చదనం కంటికి కడుతుంది. ‘అంచులు ఎర్రబడేదాకా’ అన్నాక కరకర అని వేరే చెప్పనక్కర్లేదు. బెల్లం ప్రస్తావనతో పచ్చడిలోని ఘాటు, తీపి రెండూ నాలుకకు తెలుస్తాయి. ఉప్పు, నూనె అన్ని అట్లకూ ఉండేవే కాబట్టి వాటిని వదిలేయవచ్చు. ఫోన్ తెరపై మొదటి ఒకటి రెండు వరుసలే కనిపించి మిగతావి దాగిపోతాయి. అందుకే వంటకానికే ప్రత్యేకమైన వివరం ముందు, వేళలు చివర రావాలి.

రాసినది ప్లేటులో ఉండి తీరాలి. నూనెతో కాల్చి ‘నేతి పెసరట్టు’ అని రాస్తే అది తప్పుదారి పట్టించే ప్రకటనే. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం అలాంటి ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పార్సిల్ విషయంలో మరో చిక్కు ఉంది. మూసిన డబ్బాలో ఆవిరి పట్టి అట్టు మెత్తబడుతుంది. కాబట్టి పార్సిల్ పోస్టులో కరకర గురించి మాట ఇవ్వకుండా, దారిలో చెడని అల్లం పచ్చడిని, లోపలి ఉప్మాను ముందుకు తేవాలి.

పోస్టు పెట్టేముందు ఒక పరీక్ష ఉంది. పెసరట్టు పేరు తీసేసి ఇడ్లీ అని పెట్టి చదవాలి. అప్పటికీ అర్థం చెడకుండా నిలిచిన ప్రతి మాటనూ కొట్టేయవచ్చు.